పదిహేను రోజులు వేరు, రెండు వారాలు వేరు: సగం వాయిదా కథ

ఈసారి కొబ్బరి ధర గురించి కాదు, ఇంటి అప్పు గురించి రాస్తున్నాను. మన ఊళ్లలో డాబా వేసుకున్న ప్రతి రెండో ఇంటి మీదా బ్యాంకు అప్పు ఉంది. కాబట్టి కాస్త పొడుగైనా చదవండి. లెక్క ఉంటుంది గాని, చేతి వేళ్ల మీద చూసుకునే లెక్కే.

మా మేనల్లుడు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటున్నాడు. రెండేళ్ల క్రితం సంక్రాంతికి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని మాటల్లో అన్నాడు, "మావయ్యా, మాకు జీతం నెలకోసారి రాదు, రెండు వారాలకోసారి వస్తుంది. ఇంటి వాయిదా కూడా నేను అలాగే రెండు వారాలకోసారి సగం కడతాను. ముప్పై ఏళ్ల అప్పు చాలా ముందే తీరిపోతుంది" అని. నాకు ఆశ్చర్యం వేసింది. మొత్తం వాయిదాని రెండు ముక్కలు చేసినంత మాత్రాన అప్పు ముందే ఎలా తీరుతుంది? కొబ్బరికాయని రెండు చెక్కలు చేస్తే ముక్క పెరుగుతుందా?

వాడు చెప్పింది పూర్తిగా వినకుండా, అర్థమైపోయిందనుకుని నేను మొదలెట్టేశాను. మాకు రెండు గేదెలు ఉన్నాయి. పాల కేంద్రంలో బిల్లు నెలకి రెండుసార్లు ఇస్తారు. సరిగ్గా సరిపోయిందనుకున్నాను. ఒకటో తారీఖున సగం, పదహారో తారీఖున సగం, వాయిదా కోసమే ఉంచిన ఖాతాలో వేస్తూ వచ్చాను. ఐదో తారీఖున బ్యాంకు వాళ్లు వాయిదా కోసుకుంటారు. ఏడాది గడిచాక పాస్‌బుక్ తీసి చూస్తే ఖాతాలో మిగిలింది ఏమీ లేదు. అప్పు కూడా ఎప్పటిలాగే తగ్గింది, రూపాయి ఎక్కువ తగ్గలేదు. మా ఆవిడ "ఏవండీ, అమెరికా లెక్క మన అమలాపురంలో పనిచెయ్యదేమో" అంది. నేనూ అలాగే అనుకున్నాను.

తప్పు లెక్కలో లేదు, నా మాటలో ఉంది. మనం తెలుగులో రెండు వారాల్ని "పదిహేను రోజులు" అంటాం. నిజానికి రెండు వారాలంటే పద్నాలుగు రోజులే. ఈ ఒక్క రోజు తేడాలోనే మొత్తం కిటుకు ఉంది.

నెలకి రెండుసార్లు కడితే ఏడాదికి ఇరవై నాలుగు సగాలు. అంటే పన్నెండు వాయిదాలు, అదనం ఏమీ లేదు. పద్నాలుగు రోజులకోసారి కడితే, 365 రోజుల్లో ఇరవై ఆరు సగాలు పడతాయి. ఇరవై ఆరు సగాలంటే పదమూడు వాయిదాలు. ఆ పదమూడోది ఎక్కడి నుంచి వచ్చింది? మనం నెలంటే నాలుగు వారాలు అనుకుంటాం. ఫిబ్రవరి తప్ప మిగతా ప్రతి నెలలో నాలుగు వారాలు పోగా రెండో మూడో రోజులు మిగులుతాయి. ఏడాది మొత్తం మీద అలా మిగిలిన రోజులు ఇరవై తొమ్మిది. అంటే ఇంకో నాలుగు వారాలు.

మన పెద్దలకి ఇది కొత్త కాదండి. చాంద్రమానం ఏడాది 354 రోజులు, సూర్యుడి ఏడాది 365. ఏటా మిగిలే ఆ పదకొండు రోజులూ పోగై, రెండున్నరేళ్లు దాటాక ఒక అధిక మాసం అవుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. పదమూడో వాయిదా కూడా అలాంటి అధిక మాసమే, కాకపోతే ఇది ప్రతి ఏడూ వస్తుంది.

నమ్మకం లేకపోతే 2026 క్యాలెండర్ తీసి చూడండి. జనవరి 7 బుధవారం. అక్కడ మొదలెట్టి బుధవారం విడిచి బుధవారం గుర్తు పెట్టుకుంటూ పోండి. జనవరిలో 7, 21. ఫిబ్రవరిలో 4, 18. మార్చిలో 4, 18. ఏప్రిల్‌కి వచ్చేసరికి 1, 15, 29, మూడు గుర్తులు పడతాయి. మళ్లీ సెప్టెంబరులో 2, 16, 30, అక్కడా మూడు. మిగతా పది నెలల్లోనూ రెండేసి. ఏప్రిల్లో ఎక్కువ పడిన సగం, సెప్టెంబరులో ఎక్కువ పడిన సగం, రెండూ కలిపితే ఆ ఏడాది అధిక వాయిదా. మా మేనల్లుడికి ఏడాదిలో రెండు నెలలు మూడేసి జీతాలు వస్తాయట. అదీ ఇదే.

ఇప్పుడు డబ్బు లెక్క. పది లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, పదిహేనేళ్ల గడువు అనుకుందాం. వడ్డీ రేటు మధ్యలో మారుతూ ఉంటుంది గాని, లెక్క తేలిగ్గా ఉండటానికి అదే ఉంచుతున్నాను. నెల వాయిదా 10,143 రూపాయలు వస్తుంది. మొదటి నెల వాయిదాలో 7,500 వడ్డీకే పోతుంది. అసలుకి పడేది 2,643 మాత్రమే. పదిహేనేళ్లూ ఇలాగే కట్టుకుంటూ పోతే వడ్డీ కింద మొత్తం ఎనిమిది లక్షల పాతిక వేలు అవుతుంది. పది లక్షలు తెచ్చి పద్దెనిమిది లక్షల పాతిక వేలు తిరిగి కడతామన్నమాట.

ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా వేస్తే ఆ 10,143 మొత్తం అసలుకే పడుతుంది, వడ్డీకి ఒక్క రూపాయి కూడా పోదు. మొదటి ఏడాది చివర అది మూడున్నర నెలల పాటు మామూలు వాయిదాల వల్ల తగ్గే అసలుతో సమానం. అలా ప్రతి ఏడూ వేస్తే పదిహేనేళ్ల అప్పు దాదాపు పదమూడేళ్లకి తీరిపోతుంది. వడ్డీలో లక్షా పాతిక వేల పైమాటే మిగులుతుంది.

ఏడాది చివర ఒకేసారి కాకుండా, పద్నాలుగు రోజులకోసారి సగం నేరుగా అప్పు ఖాతాలోనే పడి, ఆ రోజు నుంచే అసలు తగ్గితే? అప్పుడు పన్నెండేళ్ల ఎనిమిది నెలల చుట్టుపక్కల తీరుతుంది, మిగిలేది లక్షా నలభై వేల పైచిలుకు. మరి నేను చేసినట్టు నెలకి రెండుసార్లు, ఇరవై నాలుగు సగాలు నేరుగా అప్పులో వేస్తే? సగం డబ్బు రెండు వారాలు ముందు పడుతుంది కాబట్టి నెలకి పందొమ్మిది రూపాయల వడ్డీ తగ్గుతుంది. పదిహేనేళ్లకి అదంతా కలిపినా పది వేలు దాటదు. నేను అప్పు ఖాతాలో కూడా వెయ్యలేదు, పక్క ఖాతాలో వేశాను. అందుకే నాకు ఆ పందొమ్మిది కూడా దక్కలేదు.

ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూశాక నాకు అర్థమైంది ఒక్కటే. లాభం సగం చెయ్యడంలో లేదు, అదనంగా కట్టడంలో ఉంది. సగాలుగా కట్టడం అనేది ఆ అదనపు వాయిదా మన చేతికి తెలియకుండా కట్టించే ఉపాయం, అంతే. ఏడాదికి 1,21,716 కట్టాల్సింది 1,31,859 కడుతున్నాం. ఎవరూ మనకి ఊరికే ఇవ్వడం లేదు. రోజుకి లెక్కేస్తే ఇరవై ఎనిమిది రూపాయలు మన జేబులోంచే పోతోంది. ఒకేసారి పది వేలు తీసి ఇవ్వాలంటే చెయ్యి రాదు. ఎరువుకో, పెళ్లి చదివింపులకో పోతుంది. ఏడాది పొడుగునా కాస్త కాస్తగా పోతే నొప్పి తెలియదు.

ఇది తెలియనివాళ్ల దగ్గర డబ్బు చేసుకునేవాళ్లు కూడా ఉంటారు. అమెరికాలో నేషన్‌వైడ్ బైవీక్లీ అడ్మినిస్ట్రేషన్ అనే కంపెనీ ఇదే పనికి జనం దగ్గర రుసుము తీసుకునేది. మొదట్లోనే 995 డాలర్ల దాకా. రెండు వారాలకోసారి సగం వసూలు చేసి, తన దగ్గరే పెట్టుకుని, బ్యాంకుకి మాత్రం నెలకోసారే కట్టి, పోగైన అదనాన్ని ఏడాదికోసారి జమ చేసేది. పొదుపు గురించి జనాన్ని తప్పుదోవ పట్టించిందని అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2015లో కేసు పెట్టింది. నా ఉద్దేశం ఏమిటంటే, రేపు ఎవరైనా యాప్ పేరుతోనో, ఏజెంటు పేరుతోనో "మీ వాయిదా సగం సగం మేం కట్టిపెడతాం, ఇంత ఇవ్వండి" అని వస్తే గుమ్మంలోంచే పంపెయ్యండి. క్యాలెండర్ మీద పెన్సిల్ గుర్తుకి రుసుము ఏమిటండీ?

మన దగ్గర ఎలా చెయ్యాలో చెబుతాను. ఇక్కడ బ్యాంకు వాయిదా నెలకోసారి ఒక తారీఖున దానంతట అదే ఖాతాలోంచి కోసుకుంటుంది. మీరు మధ్యలో అప్పు ఖాతాలో సగం వేసినంత మాత్రాన, ఐదో తారీఖున మిగతా సగమే కోస్తారనుకోకండి. మామూలుగా పూర్తి వాయిదానే కోస్తారు. మీరు వేసిన సగం అదనపు చెల్లింపుగా ఉంటుంది. అది తెలియక ఖాతాలో సగం డబ్బే ఉంచితే వాయిదా వెనక్కి పోతుంది, దానికి ఛార్జీ పడుతుంది, సిబిల్‌లో మచ్చ పడుతుంది. అందుకని నేను పట్టిన పద్ధతి వేరు. వాయిదా కోసుకునే ఖాతాని వేరే దేనికీ వాడను. మొదట్లో రెండు సగాలు వేసి సిద్ధంగా ఉంచుకున్నాను. ఆ తర్వాత బుధవారం విడిచి బుధవారం 5,072 వేస్తాను. ఇరవై ఎనిమిది రోజుల కంటే చిన్న నెల లేదు కాబట్టి, ఒక ఐదో తారీఖుకీ మరో ఐదో తారీఖుకీ మధ్య రెండు సగాలు పడి తీరతాయి. వాయిదాకి ఎప్పుడూ లోటు రాదు. మూడో సగం పడిన నెలలో ఆ డబ్బు ఖాతాలోనే ఉండిపోతుంది. అలా రెండోసారి కూడా పడి పూర్తి వాయిదా పోగవగానే, బ్యాంకుకి వెళ్లి దాన్ని అప్పు ఖాతాలో పార్ట్ పేమెంట్‌గా కట్టేస్తాను.

పాల బిల్లు తారీఖులకీ నా బుధవారాలకీ పొంతన కుదరదు. దానికి బీరువాలో ఒక కవరు పెట్టాం. పాల డబ్బు వచ్చినప్పుడల్లా అందులోకి పోతుంది, బుధవారం నాడు అందులోంచి బ్యాంకుకి పోతుంది. దాణా, తవుడు ఖర్చు పోగా పాల డబ్బు ఒక్కటే సగం వాయిదాకి సరిపోదని కూడా చెప్పాలి. దింపు డబ్బు, అరటి గెలల డబ్బు కొంత కలపాల్సిందే.

పార్ట్ పేమెంట్ కట్టేటప్పుడు నేను తిన్న ఇంకో దెబ్బ వినండి. రెండో ఏడాది చివర పదమూడో వాయిదా కట్టి సంతోషంగా ఇంటికొచ్చాను. వచ్చే నెల చూస్తే వాయిదా 10,143కి బదులు నూట పది రూపాయలు తగ్గి కోసుకున్నారు. మా ఆవిడ మంచిదేగా అంది. మంచిది కాదండి. బ్యాంకు వాళ్లు నేను కట్టిన డబ్బుకి వాయిదా తగ్గించారు, గడువు తగ్గించలేదు. అంటే అప్పు మళ్లీ పదిహేనో ఏడు దాకా ఉంటుంది. వడ్డీ కొంత తగ్గుతుంది గాని, మనం అనుకున్నంత కాదు. నేను మళ్లీ వెళ్లి, తెల్ల కాగితం మీద "నేను కట్టిన అదనపు మొత్తానికి వాయిదా తగ్గించవద్దు, గడువు తగ్గించండి" అని రాసి, నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చాను. ఆ తర్వాత సరిచేశారు.

అందుకే కట్టిన నెల తర్వాత అప్పు ఖాతా స్టేట్‌మెంటు తీయించి మూడు చోట్ల చూడండి. కట్టిన తారీఖునే అసలు నిల్వ తగ్గిందా, వాయిదా పాతదే ఉందా, చివరి వాయిదా తారీఖు ముందుకి జరిగిందా. నిల్వ తగ్గకుండా "అడ్వాన్సు" అని పక్కన పెట్టి ఉంటే ఆ డబ్బుకి వడ్డీ తగ్గడం లేదేమోనని అనుమానించాలి, వెంటనే అడగాలి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పుకి ముందస్తు చెల్లింపు మీద బ్యాంకులు జరిమానా వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. వడ్డీ రేటు మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది అప్పు తీసుకున్నవాడిని అడగాలని 2023 ఆగస్టులో మళ్లీ చెప్పింది. స్థిర వడ్డీ అప్పు అయితే మాత్రం ముందు ఒప్పంద కాగితం చదువుకోండి, దానికి ఛార్జీ ఉండొచ్చు.

ఇక ఈ పద్ధతి ఎక్కడ పనికిరాదో చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. మోటారు సైకిలుకో, సెకండ్ హ్యాండ్ ట్రాక్టరుకో ప్రైవేటు ఫైనాన్సులో తెచ్చే అప్పు చాలావరకు ఫ్లాట్ వడ్డీ. లక్ష రూపాయలు, మూడేళ్లు, 12 శాతం ఫ్లాట్ అంటే 36,000 వడ్డీ ముందే కలిపేసి, 1,36,000ని ముప్పై ఆరు ముక్కలు చేసి నెలకి 3,778 అని రాస్తారు. అక్కడ మీరు సగం ముందు కట్టినా, పూర్తిగా ముందు కట్టినా, ఆ 36,000లో తగ్గేది ఏమీ ఉండదు, వాళ్లంతట వాళ్లు తగ్గిస్తే తప్ప. అసలు నిల్వ రోజురోజుకీ తగ్గుతూ, ఆ నిల్వ మీదే వడ్డీ పడే అప్పుకే ఈ కిటుకు.

కిసాన్ కార్డు పంట రుణం జోలికి కూడా దీంతో వెళ్లొద్దు. మూడు లక్షల లోపు రుణానికి 7 శాతం వడ్డీ, గడువులో కడితే 3 శాతం రాయితీ పోగా మనకి పడేది 4 శాతమే. నాలుగు శాతం అప్పుని ముందే తీర్చడానికి కంగారెందుకు? గడువు తప్పకుండా చూసుకుంటే చాలు. దానికి ఎదురుగా, ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన నోటు ఉందనుకోండి, అది ఏడాదికి 24 శాతం. ఆ నోటు చింపించకుండా 9 శాతం ఇంటి అప్పుకి పదమూడో వాయిదా కట్టేవాణ్ణి చూస్తే, కాలవకి గండి పడితే వదిలేసి కుండకి చిల్లు పూడ్చేవాడు గుర్తొస్తాడు నాకు. మా వీధిలోనే ఒకాయన అలా చేశాడు. చెప్తే వినలేదు.

పాడి లేకుండా కొబ్బరి మీదే ఆధారపడినవాళ్లకి బుధవారాల లెక్క కష్టం. ఆ డబ్బు రెండు వారాలకోసారి రాదు. రెండు నెలలకోసారి దింపు తీయించేవాళ్లు దింపుకి 1,700 చొప్పున పక్కన పెట్టండి. ఆరు దింపులకి ఒక వాయిదా అవుతుంది, ఫలితం దాదాపు ఒకటే. దింపు ఖర్చు, వలుపు కూలి పోగా చేతిలో ఏమీ మిగలని ధర ఉన్నప్పుడు ఆ దింపుకి మానెయ్యండి. బ్యాంకు అడిగే వాయిదా కాదది, మనంతట మనం కట్టేది. ఒకసారి మానితే ఎవరూ నోటీసు పంపరు. ఈ స్వేచ్ఛ ఉంది కాబట్టే నేను బ్యాంకుతో ఒప్పందం మార్చుకుని పెద్ద వాయిదా పెట్టుకోకుండా ఇలా చేస్తున్నాను.

లంక గ్రామాల మిత్రులకి ఇంకో మాట. అప్పులో వేసిన డబ్బు మళ్లీ కావాలంటే తేలిగ్గా రాదు. ఆగస్టులో గోదారి పొంగి పశువుల్ని గట్టు ఎక్కించాల్సి వస్తే, పశుగ్రాసానికి, పడవకి, మందులకి చేతిలో డబ్బుండాలి. కాబట్టి పోగైన అదనాన్ని వరద కాలం వెళ్లేదాకా ఖాతాలోనే ఉంచి, దీపావళి దాటాక కట్టండి. మూడు నాలుగు నెలలు ఆలస్యమైతే పోయే వడ్డీ రెండు మూడు వందలు. ఆ మాత్రం పోతే పోనివ్వండి.

మా అప్పులో గడువు తగ్గించిన కాగితం మొన్ననే వచ్చింది. చివరి వాయిదా తారీఖు మూడు నెలలు ముందుకి జరిగింది, ఇంతవరకు ఒక్క అదనపు వాయిదాకే. ఈ ఏడాది మూడో బుధవారం రెండుసార్లూ తప్పలేదు, డబ్బు ఖాతాలో ఉంది, వరదలు వెళ్లాక కడతాను. మీలో ఎవరి బ్యాంకైనా మధ్యలో వేసిన సగాన్ని వాయిదాలోనే జమ కట్టుకుంటుంటే కింద రాయండి, ఏ రకం అప్పో కూడా చెప్పండి. స్టేట్‌మెంటు అర్థం కానివాళ్లు ఖాతా నంబరు కనబడకుండా ఫోటో తీసి పెడితే కూర్చుని చూద్దాం.